రిటైర్మెంట్ రోజు వచ్చే మెసేజ్‌లకు జవాబు ఎలా రాయాలి

ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్లు ఏ తేదీన పుట్టినా రిటైరయ్యేది నెలాఖరు రోజునే. తెలంగాణలో 2021లో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 61కి పెంచారు. మనవైపు బళ్లో వేసేటప్పుడు చాలామందికి జూన్, జూలై నెలల్లోనే పుట్టినరోజు రాయించారు కాబట్టి, ఒకే ఆఫీసులో ఇద్దరు ముగ్గురు కలిసి జూన్ 30న దిగిపోవడం మామూలే. ఆ రోజు పొద్దున చార్జి అప్పగింత, మధ్యాహ్నం సభ, శాలువాలు, ఫొటోలు, సాయంత్రం ఇంటిదాకా ఊరేగింపుగా సాగనంపడం. రాత్రి కాళ్లు కడుక్కుని కూర్చుని ఫోన్ తీస్తే వాట్సాప్ నిండా మెసేజ్‌లు. వాటికి ఏం రాయాలి, ఎవరికి ముందు రాయాలి, ఎవరికి ఎంత రాయాలి అన్నదే ఇక్కడ చెప్తున్నాను.

మా బాబాయి హన్మకొండలో విద్యుత్ శాఖ లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనప్పుడు పక్కన కూర్చుని ఈ పనంతా చూశాను. కొన్ని జవాబులు ఆయన చెప్తుంటే నేనే టైప్ చేశాను. కాబట్టి ఉదాహరణలన్నీ కరెంటు డిపార్ట్‌మెంటువే వస్తాయి. మీది బడి అయినా, రెవెన్యూ ఆఫీసైనా, బ్యాంకైనా పద్ధతి ఇదే.

ముందు సిమ్ సంగతి చూడండి

ఇది చివరి రోజు చేసే పని కాదు, వారం ముందే చేయాలి. ఫీల్డులో పనిచేసే చాలామందికి ఆఫీసువాళ్లు ఇచ్చిన సీయూజీ నంబరు ఉంటుంది. ఏళ్లుగా అదే నంబరు మీద వాట్సాప్ నడుస్తుంటుంది. ఊళ్లో రైతులకు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్లకు, తోటి స్టాఫ్‌కు తెలిసింది అదే. చార్జి అప్పగించేటప్పుడు ఆ సిమ్ కూడా ఇచ్చేయాలి. మీ స్థానంలో వచ్చినాయన దాన్ని తన ఫోన్లో వేసి వాట్సాప్ తెరిస్తే మీ ఫోన్లో అది ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చే వీడ్కోలు మెసేజ్‌లన్నీ ఆయనకే పోతాయి. మీ పాత చాట్లు ఆయనకు కనిపించవు, ఆ భయం అక్కర్లేదు. కానీ వాటిని మీరు తెరవడం కూడా కష్టమవుతుంది.

మీ సొంత నంబరు మీద ఇంతవరకు వాట్సాప్ లేకపోతే పని తేలిక. సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి నంబరు మార్చే ఆప్షన్ నొక్కితే చాట్లు, గ్రూపులు అన్నీ కొత్త నంబరు మీదికి వస్తాయి. మార్చిన సంగతి మీ కాంటాక్టులకు తెలియజేయాలా అని కూడా అదే అడుగుతుంది. సొంత నంబరు మీద ఇప్పటికే వేరే వాట్సాప్ ఉంటే మాత్రం ఈ ఆప్షన్ జోలికి పోవద్దు. అప్పుడు ఆఫీసు నంబరు నుంచే "నెలాఖరు తర్వాత ఈ నంబరులో నేనుండను, నా సొంత నంబరు ఇది" అని గ్రూపుల్లోనూ దగ్గరివాళ్లకు విడిగానూ ముందే పంపండి. దాచుకోవాలనుకున్న చాట్లను ఎక్స్‌పోర్ట్ చేసి మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. సిమ్‌లో సేవ్ అయి ఉన్న నంబర్లను ఫోన్లోకి ఎక్కించుకోండి.

ఇంకో సంగతి. అందరికీ ఒకే జవాబు పంపడానికి బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడదామని చాలామంది అనుకుంటారు. ఒక లిస్టులో 256 మందిని పెట్టవచ్చు, నిజమే. కానీ మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. నిన్ననే మొదలైన కొత్త నంబరు ఎవరి ఫోన్లోనూ ఉండదు కదా. మీరు పంపాననుకుంటారు, అవతల వాళ్లు జవాబే ఇవ్వలేదనుకుంటారు. ఎవరికి ఎందుకు కోపమొచ్చిందో కూడా మీకు తెలియదు.

ఆ రాత్రి నలుగురైదుగురికే రాయండి

అలసిపోయి ఉన్న రాత్రి వందల మందికి జవాబు రాయాలని కూర్చుంటే పదో మెసేజ్ నుంచి అందరికీ ఒకే మాట పోతుంది. పేర్లు కూడా తారుమారవుతాయి. అందుకే ఆ రాత్రి చదవడం, స్టార్ పెట్టుకోవడం వరకే చాలు. మెసేజ్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే పైన నక్షత్రం గుర్తు వస్తుంది. ఎవరైనా సొంత మాటల్లో రాసి ఉంటే దాన్ని నొక్కండి. పూలగుచ్ఛం బొమ్మలు, "శేష జీవితం ఆయురారోగ్యాలతో గడపాలని" అని అందరికీ పోయే రెడీమేడ్ మెసేజ్‌లు, ఒట్టి దండం గుర్తులు స్టార్ లేకుండా వదిలేయండి. వాటికి వేరే దారి ఉంది, తర్వాత చెప్తాను.

ఆ రాత్రే రాయాల్సినవాళ్లు కొందరుంటారు. మీకంటే ముందు రిటైరైన పెద్దవాళ్లు, ఆరోగ్యం బాగాలేక సభకు రాలేకపోయినవాళ్లు, ఆ పూట డ్యూటీలో ఇరుక్కుపోయినవాళ్లు. మా బాబాయి సభ జరుగుతుంటే సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ ఒకాయన రాలేకపోయాడు, ఆయన్ను విడిపించడానికి ఇంకో మనిషి లేడు. అందరూ ఫొటోలు పెడుతుంటే ఆయన ఒక్కడే ప్యానెళ్ల ముందు కూర్చుని "సారీ అన్నా" అని రాశాడు. బాబాయి ఆ రాత్రి మొదట రాసింది ఆయనకే: "తమ్మీ, నువ్వు అక్కడ కూసున్నవ్ కాబట్టే మేం ఇక్కడ ఫ్యాన్ల కింద కూసున్నం. ఎల్లుండి నీ షిఫ్ట్ దిగినంక నేనే వస్త, చాయ్ తాగుదాం." ఎల్లుండి వెళ్లాడు కూడా. వెళ్లే ఉద్దేశం లేకపోతే వస్తానని రాయొద్దు.

గ్రూపుకు ఒక్కటే మెసేజ్, మర్నాడు పొద్దున

గ్రూపులో అరవై మంది శుభాకాంక్షలు చెప్తే అరవై మందికీ అక్కడే జవాబివ్వడం మర్యాద అనుకుంటాం. కానీ ఆ గ్రూపులో కరెంటు పోయిన సంగతులు, ఫీడర్ ట్రిప్పయిన సంగతులు కూడా వస్తుంటాయి. మీ ధన్యవాదాల కింద అవి కొట్టుకుపోతాయి. పైగా ఒకరికి రెండు లైన్లు, ఇంకొకరికి ఒక్క ముక్క రాస్తే అందరూ చూస్తారు. అందుకని గ్రూపులో వచ్చిన ప్రతి మెసేజ్ మీద దండం గుర్తుతో రియాక్షన్ పెట్టండి. పెడితే అందరికీ పెట్టండి, సగంలో ఆపొద్దు. ఆ రెడీమేడ్ మెసేజ్‌లకు, బొమ్మలకు ఇంతే చాలు. విడిగా మీ నంబరుకు వచ్చినవాటికి "ధన్యవాదాలు" పక్కన పేరు చేర్చి పంపితే సరిపోతుంది.

తర్వాత అందరికీ కలిపి ఒక్క మెసేజ్ రాయండి. అందులో పేర్ల జాబితా వద్దు. ఇరవై పేర్లు రాస్తే ఇరవై ఒకటో మనిషి నొచ్చుకుంటాడు. పేర్లకు బదులు అందరూ కలిసి చేసిన పని ఒకటి చెప్పండి. వరంగల్ సర్కిల్లో పనిచేసినవాళ్లకు అలాంటిది వెతుక్కోనక్కర్లేదు, రెండేళ్లకోసారి మేడారం జాతర డ్యూటీ ఉండనే ఉంది. బాబాయి రాసింది ఇది:

"అందరికీ నమస్కారం. నిన్న సభకు వచ్చినవాళ్లకు, డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్లకు, మెసేజ్ పెట్టినవాళ్లకు పేరుపేరునా ధన్యవాదాలు. మేడారం జాతరల టెంట్లల్ల పండుకున్న రాత్రులు, గాలివానకు పోళ్లు పడ్డప్పుడు తెల్లారేదాక మీతో పాటు నిలబడ్డ రాత్రులు నాకు యాదికుంటయి. నాతో పాటు నిన్ననే రిటైరైన అన్నకు కూడా మీ అందరి తరఫున శుభాకాంక్షలు. పనిలో ఎవరినన్నా నొప్పించి ఉంటే మనసులో పెట్టుకోకుండ్రి. ఆఫీసు నంబరు ఇకనుంచి కొత్త సార్ దగ్గర ఉంటది. నా సొంత నంబరు కింద ఇస్తున్న."

ఇందులో రెండు విషయాలు గమనించండి. అదే రోజు దిగిపోయిన ఇంకొకరిని కలుపుకున్నాడు. ఒకే గ్రూపులో ఇద్దరి వీడ్కోలు జరుగుతున్నప్పుడు ఒకరికి ఎక్కువ మెసేజ్‌లు, ఇంకొకరికి తక్కువ రావడం సహజం. తక్కువ వచ్చినాయన ఆ గ్రూపులోనే ఉంటాడు, అన్నీ చూస్తుంటాడు. ఇంకోటి, క్షమాపణ మాట. అది గ్రూపులో ఒక్కసారి చెప్తే నిండుగా ఉంటుంది. విడిగా రాసే ప్రతి మెసేజ్‌లోనూ "తప్పులేమైనా ఉంటే క్షమించండి" అని పెడితే, మీతో ఏనాడూ మాట పట్టింపు లేని మనిషి కూడా ఏం జరిగిందా అని ఆలోచనలో పడతాడు.

దావత్ సంగతి గ్రూపులో ఎత్తొద్దు. "రాత్రి దావత్‌కు వచ్చినందుకు థ్యాంక్స్" అన్న ఒక్క లైను చాలు, పిలవనివాళ్లకు పిలవలేదన్న విషయం తెలిసిపోవడానికి. దావత్‌కు వచ్చినవాళ్లకు విడిగా చెప్పుకోండి.

సొంత మాటల్లో రాసినవాళ్లకు సొంత మాటల్లోనే

అసలు పని ఇక్కడ ఉంది. స్టార్ పెట్టినవి ఎన్నో లెక్క చూసుకుని మూడు నాలుగు రోజులకు పంచుకోండి. రోజూ పొద్దున చాయ్ తాగుతూ పది పదిహేను రాసినా తొందరలేకుండా అయిపోతాయి. ఆలస్యమైందని ఎవరూ అనుకోరు. ఆ రోజు మీరెంత హడావిడిలో ఉన్నారో వాళ్లూ చూశారు కదా.

ప్రతి జవాబులో మూడు ముక్కలుంటే చాలు. పిలుపు, మీ ఇద్దరికే తెలిసిన ఒక సంగతి, ఇప్పుడు ఆ మనిషి బతుకులో నడుస్తున్నదాని గురించి ఒక మాట. పిలుపు ఎప్పుడూ మీరు నోటితో పిలిచేదే ఉండాలి. ఇరవై ఏళ్లుగా "తమ్మీ" అన్న మనిషికి మెసేజ్‌లో "గౌరవనీయులైన" అని మొదలుపెడితే దూరం పెట్టినట్టు ఉంటుంది. అలాగే రోజూ "సార్" అన్నాయనను రిటైరయ్యాను కదా అని "అన్నా" అనకండి. ఆ పిలుపు మార్చాలంటే ఆయనే మార్చాలి.

ఒక జవాబు ఎలా తయారైందో చూపిస్తాను. బాబాయి కింద చాలా ఏళ్లు పనిచేసిన, కరెంటు డిపార్ట్‌మెంటులో ఆర్టిజన్ అనే హోదాలో ఉన్న ఒక కార్మికుడు ఇలా రాశాడు: "అన్నా, మీరు పోతున్నరంటే మనసుల మంచిగ లేదు. పోల్ ఎక్కుడు నేర్పింది మీరే. ఇంక మాకు చెప్పేటోళ్లు ఎవరున్నరు." బాబాయి మొదట చెప్పిన జవాబు: "ధన్యవాదాలు తమ్ముడు. నీకు, నీ కుటుంబానికి ఆ భగవంతుని ఆశీస్సులు ఉండాలని కోరుకుంటున్నాను." ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇది ఎవరికైనా పోయే జవాబు. ఆ పిల్లవాడు పోల్ ఎక్కడం గురించి రాశాడు, మనం దాన్ని వదిలేశాం.

"వాడికి పోల్ ఎక్కడం ఎక్కడ నేర్పినవు బాబాయ్?" అని అడిగాను. నర్సంపేట రోడ్డులో అన్నాడు. మొదటిరోజు వాడు సగం ఎక్కి కిందికి చూసి భయపడ్డాడట, దిగకుండా అక్కడే పోల్‌ను కరుచుకున్నాడట. చెప్తూ చెప్తూ నవ్వాడు. అదే రాద్దామన్నాను. చివరికి వెళ్లిన జవాబు ఇది:

"తమ్మీ, నర్సంపేట రోడ్డుల మొదటిసారి పోల్ ఎక్కి సగంల ఆగినవ్, యాదుందా? కింద నుంచి నేను మాట్లాడుకుంట నిన్ను దించిన. ఇప్పుడు నువ్వే నలుగురికి నేర్పుతున్నవ్. ఒక్కటే చెప్త. ఎవరెంత తొందరపెట్టినా ఎల్సీ తీసుకోకుండ, డిశ్చార్జ్ రాడ్ వెయ్యకుండ చెయ్యి పెట్టకు. కొత్తోళ్లను కూడా పెట్టనియ్యకు. చిన్నది ఇంటర్ల చేరిందన్నవ్ కదా, ఎట్ల చదువుతుందో నాకు ఫోన్ చేసి చెప్పు."

ఎల్సీ అంటే లైన్ క్లియర్, లైనులో కరెంటు ఆపించి పని చేయడానికి తీసుకునే అనుమతి. అది తీసుకున్నాక కూడా వెనక నుంచి కరెంటు రావచ్చని లైన్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎక్కడో ఇంట్లో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే చాలు. అందుకే పని మొదలుపెట్టే ముందు డిశ్చార్జ్ రాడ్‌తో లైనును ఎర్త్ చేస్తారు. ఆ జాగ్రత్త చెప్పేవాళ్లు ఎవరున్నారన్నదే వాడి బాధ. "చెప్పేటోళ్లు ఎవరున్నరు" అన్నదానికి అసలైన జవాబు అదే. అవతలి మనిషి తన మెసేజ్‌లో దేని గురించి రాశాడో అక్కడే మీ జవాబు మొదలవ్వాలి.

సంగతి ఏదీ గుర్తుకు రాకపోతే కల్పించొద్దు. వాళ్లకు గుర్తుంటుంది. "మనం మొదట కలిసింది జనగామలోనా, స్టేషన్ ఘన్‌పూర్‌లోనా? నువ్వే చెప్పాలి" అని అడగండి. చాలామంది ఆనందంగా పెద్ద కథే రాస్తారు.

టైప్ చేయడం ఇబ్బందైతే కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పండి, అదే రాసుకుంటుంది. ఇంటిపేర్లు, ఊరిపేర్లు తప్పుగా వింటుంది కాబట్టి పంపేముందు ఒకసారి చదవాలి. ఒకరికి రాసిన పేరు ఇంకొకరికి పోయిందనుకోండి, పంపిన 15 నిమిషాల లోపు ఎడిట్ చేయవచ్చు. అది దాటితే డిలీట్ చేయడం కన్నా ఫోన్ చేసి చెప్పడం మేలు, ఎందుకంటే డిలీట్ చేసిన గుర్తు అక్కడే ఉంటుంది, అవతలివాళ్లకు అనుమానం మిగులుతుంది. చదవడం అంతగా అలవాటు లేనివాళ్లకు వాయిస్ పంపండి. మీ గొంతు వింటే వాళ్లకు మరీ సంతోషం. నిమిషం దాటకుండా చూసుకోండి, వాళ్లు పని మధ్యలో వింటారు.

ఇబ్బంది పెట్టే మెసేజ్‌లు

ఒకప్పుడు మెమో ఇచ్చిన పై ఆఫీసరు కూడా మంచి మాటలు రాస్తాడు. మీతో ఏళ్ల తరబడి మాటల్లేని తోటి ఉద్యోగి కూడా రాస్తాడు. పాతవి తవ్వొద్దు, లేని ప్రేమా ఒలకబోయొద్దు. మీరు నిజంగా ఒప్పుకోగలిగిన ఒక మంచి విషయం చూసి అదొక్కటే రాయండి. "సార్, మీ మెసేజ్ చూసి సంతోషమైంది. జాతర డ్యూటీలో స్టాఫ్‌కు భోజనాలు ఆలస్యం కాకుండా మీరు చూసిన తీరు నాకు గుర్తుంది. ధన్యవాదాలు." ఇది అబద్ధం కాదు, మెమో ఊసూ లేదు. తగువు పడ్డ తోటివాడికైతే రెండు లైన్లు చాలు. అతనే ముందు రాశాడంటే ఒక మెట్టు దిగాడనే లెక్క, దాన్ని మీరు గుర్తించినట్టు తెలిస్తే చాలు: "నువ్వు మెసేజ్ పెట్టినందుకు నిజంగా సంతోషం. ఎప్పుడన్నా ఇటు వస్తే ఇంటికి రా."

వీడ్కోలు మెసేజ్‌లోనే పని అడిగేవాళ్లు ఉంటారు. పరకాల దిక్కు ఒక రైతు "సార్ మీరు చల్లగుండాలె" అని మొదలుపెట్టి, వ్యవసాయ కనెక్షన్‌కు డీడీ కట్టి చాలా రోజులైంది, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలేదు, పోయేముందు ఒకమాట చెప్పిపోండి అని రాశాడు. ఇలాంటిదానికి జవాబివ్వకుండా ఉంటే ఆ మనిషి ఎదురుచూస్తూనే ఉంటాడు. "నేను చూసుకుంటా" అంటే ఇంకా కష్టం. ఆ కుర్చీ మీది కాదు, మీ మాట మీద అక్కడ పని జరుగుతుందన్న హామీ మీరివ్వలేరు. కొత్తగా వచ్చినవాళ్ల మీద బరువు పెట్టినట్టూ అవుతుంది. బాబాయి ఇలా రాశాడు: "అన్నా, మీ ప్రేమకు దండాలు. నేను నిన్నటితోటి చార్జి ఇచ్చేసిన. మీ ఫైలు సెక్షన్ ఆఫీసులనే ఉంది. డీడీ రసీదు జిరాక్స్ పట్టుకుని కొత్త సార్‌ను కలువుండ్రి, ఆయనకు సంగతి తెలుసు." ఆ చివరి ముక్క రాసేముందు కొత్త సార్‌కు ఫోన్ చేసి నిజంగానే చెప్పాడు. "ఏ పనున్నా నాకు చెప్పండి" అనే మాట మనకు అలవాటుగా వచ్చేస్తుంది, జవాబుల్లో దాన్ని వాడకుండా చూసుకోండి. కొందరు దాన్ని పట్టుకుని నిజంగానే వస్తారు.

వారం పది రోజుల తర్వాత వచ్చే మెసేజ్‌లు, మీరు మరిచిపోయి మిగిలిపోయినవీ ఉంటాయి. అప్పుడు ఆలస్యానికి కారణాలు రాసుకుంటూ కూర్చోకుండా నేరుగా విషయంలోకి వెళ్లండి. "ఈ రోజు మళ్లీ చదివిన నీ మెసేజ్" అని మొదలుపెడితే ఆలస్యం ఆలస్యంలా ఉండదు. దగ్గరివాళ్లనుకున్నవాళ్లు ఒకరిద్దరు అసలేమీ పంపకపోవచ్చు. వాళ్లకు మీరే ఫోన్ చేయండి, మెసేజ్ సంగతి ఎత్తకుండా. మా బాబాయి అలా ఒకాయనకు చేస్తే, ఆయన భార్య ఎంజీఎం ఆసుపత్రిలో ఉందని తెలిసింది.

గ్రూపు నుంచి తప్పుకోవడం

ఆఫీసు గ్రూపులో ఉండిపోకండి. అక్కడ పనివేళల సంగతులు, పై ఆఫీసర్ల ఆదేశాలు వస్తుంటాయి, మీరున్నారని వాళ్లు కొన్ని మాటలు రాయడానికి మొహమాటపడతారు. అలాగని సభ అయిన రాత్రే చెప్పకుండా బయటికి వస్తే అలిగారేమో అనుకుంటారు. అందరికీ కలిపి రాసిన మెసేజ్ తర్వాత రెండు మూడు రోజులు ఆగండి. దాని కింద వచ్చే జవాబులకు కూడా రియాక్షన్ పెట్టండి. స్టార్ పెట్టినవన్నీ పూర్తయ్యాక, "రేపు సాయంత్రం ఈ గ్రూపు నుంచి బయటికి వెళ్తున్న, పెన్షనర్ల గ్రూపుల ఉంట, ఫోన్ల ఎప్పుడైనా దొరుకుత" అని ఒక లైను పెట్టి, చెప్పిన పొద్దుకే బయటికి రండి. గ్రూపుకు అడ్మిన్ మీరే అయితే ముందుగా ఇంకొకరిని అడ్మిన్‌గా పెట్టాలి. లేకపోతే వాట్సాప్ తనంతట తానే ఎవరో ఒకరికి ఆ పని అప్పగించేస్తుంది, ఆ మనిషి ఎవరవుతారో మీ చేతిలో ఉండదు.